మాత్ర మారింది, ఫిట్స్ వచ్చాయి: తప్పు జెనరిక్‌దేనా?

*నాకు 27 ఏళ్లు. ఇంటర్ చదివే రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి. లామోట్రిజిన్ 100 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. మా ఆయన జీతం తగ్గడంతో ఏప్రిల్ మొదటి వారంలో నేనే బ్రాండ్ మానేసి, జెనరిక్ షాపులో అదే మందు కొనడం మొదలుపెట్టాను. ఖర్చు మూడో వంతుకు దిగింది. జూన్ 20న, మా చెల్లి పెళ్లి నుంచి తిరిగొచ్చిన మర్నాడు, వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాను. చెయ్యి కాలింది. "రూపాయికి చూసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నావు" అని మా అత్తగారు రోజూ అంటున్నారు. మా ఆడపడుచు భర్త ఫార్మా కంపెనీలో పనిచేస్తారు. జెనరిక్‌లో మందు 80 శాతమే ఉన్నా పాసైపోతుందని, రెండు జెనరిక్‌ల మధ్య 45 శాతం దాకా తేడా ఉండొచ్చని ఆ అన్నయ్యగారు చెప్పారు. పెళ్లిలో రెండు రాత్రులు నిద్ర లేదు, కానీ మాత్ర ఒక్కటి కూడా మానలేదు. ఇంకో సంగతి. పిల్లలు అప్పుడే వద్దనుకుని మే 5 నుంచి మాలా మాత్రలు వాడుతున్నాను. అది మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, డాక్టరుగారికి కూడా చెప్పలేదు. మళ్లీ బ్రాండ్‌కు వెళ్లిపోనా? తప్పు నాదేనా? ఊరూ పేరూ వేయకండి.*

అమ్మా, ముందు ఒక్క మాట. ఇది చదివి లామోట్రిజిన్‌ను గానీ మాలా మాత్రలను గానీ మీ అంతట మీరు ఆపకండి. లామోట్రిజిన్ ఐదారు రోజులు పూర్తిగా మానేశాక మళ్లీ పాత మోతాదుతో ఒక్కసారిగా మొదలుపెడితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. అందుకే అలా ఆగినవాళ్లకు డాక్టర్లు మళ్లీ చిన్న మోతాదు నుంచి వారాల తరబడి పెంచుకుంటూ వస్తారు. మాలా మాత్రలను ఉన్నపళంగా ఆపినా మీ ఒంట్లో లామోట్రిజిన్ లెక్క మారిపోతుంది. ఎందుకో కింద చెబుతాను. చెయ్యి కాలిందన్నారు, గాయం మానేదాకా, డాక్టరుగారిని కలిసేదాకా పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకండి. స్కూటీ ఉంటే పక్కన పెట్టండి.

ఇక అన్నయ్యగారు చెప్పిన అంకెల సంగతి. హైదరాబాద్‌లో ఈ పరీక్షలు జరిగే ఒక కేంద్రంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. 80, 125 అనే ఆ రెండు అంకెలు ఎంత మందిని భయపెట్టాయో దగ్గర్నుంచి చూశాను. ఆ అంకెలు నిజమే, కానీ అవి మాత్రలో ఉన్న మందు పరిమాణం గురించినవి కావు. మాత్రలో 100 మి.గ్రా. ఉందా లేదా అనేది వేరే పరీక్ష. అందులో చాలా మాత్రలకు పది శాతం లోపు తేడానే ఒప్పుకుంటారు, అదీ బ్రాండ్‌కైనా జెనరిక్‌కైనా ఒకటే. మందు 80 మి.గ్రా. మాత్రమే ఉన్న మాత్ర అక్కడే ఫెయిలవుతుంది.

80, 125 వచ్చేది ఆ తర్వాత, బయోఈక్వివలెన్స్ అనే పరీక్షలో. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చెబితే ఆ అంకెల అర్థం మీకే తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లను ఓ ఇరవై నాలుగు మందిని తీసుకుంటారనుకోండి. ముందురోజు రాత్రే కేంద్రానికి వచ్చేస్తారు. పది గంటలు ఏమీ తినరు. పొద్దున్నే సగం మందికి అసలు కంపెనీ మాత్ర, మిగతా సగం మందికి జెనరిక్ మాత్ర ఇచ్చి, కొలిచిన 240 మి.లీ. నీళ్లు తాగిస్తారు. ఎవరికి ఏది ముందు అనేది లాటరీ వేసినట్టు నిర్ణయమవుతుంది. చేతికి సన్నని గొట్టం పెట్టి, మొదట్లో అరగంటకోసారి, తర్వాత గంటకోసారి, ఆ తర్వాత రోజుకోసారి రక్తం తీస్తారు. లామోట్రిజిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి మూడు రోజుల దాకా తీయాల్సి వస్తుంది. ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా, అంటే ఒకట్రెండు వారాలు ఆగి, అదే మనుషులకు ఈసారి రెండో మాత్ర ఇస్తారు. ఒకే మనిషిలో రెండు మాత్రలనూ పోల్చడమే ఇందులో కీలకం. మీ కాలేయం, నా కాలేయం ఒకేలా పనిచేయవు. మీరు బ్రాండ్ వేసుకుని, నేను జెనరిక్ వేసుకుంటే వచ్చే తేడా మాత్రలదా, మనుషులదా అన్నది తేలదు.

ఇలా వచ్చిన కొలతలను గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే గుట్టలాంటి గీత వస్తుంది. ఆ గుట్ట శిఖరం ఎత్తే సీమ్యాక్స్, అంటే రక్తంలో మందు చేరిన అత్యధిక స్థాయి. గుట్ట కింద పరుచుకున్న మొత్తం వైశాల్యం ఏయూసీ, అంటే మందు ఒంటికి మొత్తం మీద ఎంత అందింది అన్న లెక్క. వంకర గట్టున్న చేనును పట్టీలుగా చేసి కొలిచినట్టే దీన్నీ కొలుస్తారు. ఒంటిగంటకు స్థాయి 0.8, రెండింటికి 1.2 అనుకుంటే, సగటు 1.0ను ఒక గంటతో గుణిస్తే ఆ పట్టీ వైశాల్యం వస్తుంది. ఇలా అన్ని పట్టీలనూ కూడితే ఏయూసీ. సీమ్యాక్స్ మందు ఎంత వేగంగా రక్తంలోకి చేరిందో చెబుతుంది, శిఖరం మరీ ఎత్తయితే కళ్లు తిరగడం, తూలడం వంటివి రావచ్చు. మీలాంటివాళ్లకు రోజంతా ఫిట్స్ రాకుండా కాపాడే పని మాత్రం ఎక్కువగా ఏయూసీ మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు పోలిక. ప్రతి మనిషిలో జెనరిక్ ఏయూసీని అసలు మాత్ర ఏయూసీతో భాగిస్తాం. రెండూ సమానమైతే 100 శాతం. అందరి సగటు ఒక్కటే చూసి పాస్ చేయరు. ఇరవై నాలుగు మందే కదా, ఇంకో ఇరవై నాలుగు మందిని తీసుకుంటే సగటు కొంచెం అటూ ఇటూ కదిలేది. ఆ కదలికకు చోటిస్తూ సగటు చుట్టూ ఒక హద్దు గీస్తారు, దాన్ని 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. ఆ హద్దు ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం 80కీ 125కీ మధ్య పట్టాలి. సీమ్యాక్స్‌కూ పట్టాలి, ఏయూసీకీ పట్టాలి. ఒక్క కొసైనా బయటికి వచ్చిందంటే ఫెయిలే.

అంకెలతో చూపిస్తాను. ఒకే మనిషిలో ఒకసారికీ ఇంకోసారికీ 15 శాతం తేడా ఉండే మందు అనుకుందాం. వాలంటీర్లు 24 మంది. జెనరిక్ సగటు 97 శాతం వచ్చిందనుకోండి, హద్దు సుమారు 90 నుంచి 104 దాకా వస్తుంది. పాస్. అదే సగటు 85 శాతం వస్తే? అన్నయ్యగారి లెక్కలో 85 అనేది 80 కంటే ఎక్కువ కాబట్టి హాయిగా పాస్ కావాలి. కానీ హద్దు సుమారు 79 నుంచి 91.5 దాకా వస్తుంది. కింది కొస 80 దాటి బయటపడింది, ఫెయిల్. అంటే సగటున 15 శాతం తక్కువ అందించే మాత్ర కూడా ఇలాంటి పరీక్షలో నిలవలేదు. సగటు 80 ఉన్న మాత్రకైతే ఎంత మంది వాలంటీర్లను పెట్టినా ఆశ లేదు, హద్దులో కింది సగం ఎప్పుడూ 80కి కిందే ఉంటుంది.

ఒక పక్క 20, ఇంకో పక్క 25 ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఇది భాగహారంతో వచ్చిన హద్దు. 100లో 80 ఎంతో, 125లో 100 అంతే. ఏ మాత్రను పైన పెట్టి భాగించినా హద్దు ఒకటే ఉండాలని అలా పెట్టారు. 125లోంచి 80 తీసేసి 45 శాతం తేడా అనడం ఆ హద్దును మందు పరిమాణంగా చదివినందువల్ల వచ్చిన పొరపాటు. అన్నయ్యగారిని తప్పు పట్టను, ఫార్మాలో తయారీ విభాగంలోనో ప్యాకింగ్‌లోనో ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చూసే అవకాశం ఉండదు.

నిజంగా తేడా ఎంత ఉంటోంది? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 దాకా తాను ఆమోదించిన జెనరిక్‌ల తాలూకు 2,070 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసింది. సగటు తేడా సీమ్యాక్స్‌లో 4.35 శాతం, ఏయూసీలో 3.56 శాతం. ఈ మూడు, నాలుగు శాతాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో మనకు పనుంది.

మీ మందు మీదే జరిగిన పరీక్ష కూడా ఉంది. ఆరోగ్యవంతుల్లో ఒక్క మాత్రతో చూసింది మూర్ఛ ఉన్నవాళ్లకు సరిపోతుందా అని నరాల డాక్టర్లు చాలాకాలం అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. అందుకే అమెరికాలో లామోట్రిజిన్ జెనరిక్‌లన్నింట్లోంచి ఒకదానికొకటి అత్యంత దూరంగా ఉన్న రెండింటిని ఏరి, మూర్ఛ ఉన్నవాళ్లకే రోజువారీ మందుగా ఇచ్చారు. రెండు వారాలు ఒకటి, రెండు వారాలు ఇంకొకటి, మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. 33 మంది చివరిదాకా ఉన్నారు. ఫలితాలు 2016లో వచ్చాయి. రక్తంలో స్థాయిలు ఒకదానికొకటి అతుక్కున్నట్టే ఉన్నాయి, ఫిట్స్ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. బ్రాండ్‌నూ జెనరిక్‌నూ మూర్ఛ ఉన్నవాళ్లలో పోల్చిన ఇంకో అధ్యయనంలోనూ ఇదే తేలింది.

ఇంత చెప్పాక మీ అత్తగారి భయం ఉత్తదే అంటానేమో అనుకోకండి. ఆ భయానికి చరిత్రలో చోటుంది. 1968, 69ల్లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు వాడుతున్నవాళ్లు తూలుతూ, మాట తడబడుతూ ఆస్పత్రులకు రావడం మొదలైంది. గుళికలో మందు పరిమాణం ఏమీ మారలేదు. మారింది అందులో కలిపే పొడి. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ కలిపేవారు, దాని బదులు లాక్టోజ్ కలిపారు. కాల్షియం సల్ఫేట్ ఉన్నప్పుడు మందులో కొంత భాగం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేది కాదు, డాక్టర్లు ఆ నష్టంతో కలిపే మోతాదు సరిచూసుకున్నారు. పొడి మారగానే మందు ఎక్కువగా రక్తంలోకి చేరి విషమైంది. మాత్రలో ఎంతుందో చూస్తే చాలదు, రక్తంలోకి ఎంత చేరిందో చూడాలి అన్న పాఠం ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది. సీమ్యాక్స్, ఏయూసీ పరీక్ష పుట్టిందే మీ అత్తగారికి ఉన్నలాంటి భయానికి జవాబు చెప్పడానికి.

మన దేశం సంగతీ దాచకుండా చెప్పాలి. మనకు బయోఈక్వివలెన్స్ పరీక్ష అన్ని జెనరిక్‌లకూ మొదట్నుంచీ తప్పనిసరి కాదు. కొత్త మందుగా లెక్కించే మొదటి నాలుగేళ్లు దాటాక లైసెన్సు అడిగిన కంపెనీ ఆ పరీక్ష చేయకుండానే రాష్ట్ర అధికారుల నుంచి అనుమతి తెచ్చుకోగలిగేది. 2017 ఏప్రిల్‌లో నిబంధన మారింది. నీళ్లలో సరిగా కరగని మందులకు, అంటే రక్తంలోకి చేరడంలో తేడా వచ్చే అవకాశం ఎక్కువున్న రకాలకు, నోటితో వేసుకునే రూపంలో లైసెన్సు కావాలంటే ఈ పరీక్ష చూపించాలన్నారు. లామోట్రిజిన్‌ను కూడా సరిగా కరగని మందుగానే లెక్కిస్తారు. అంతకుముందే లైసెన్సు పొందినవాటి మాట వేరు. కాబట్టి పైన చెప్పిన ఎఫ్‌డీఏ అంకెలను మీ షాపులోని మాత్రకు నేరుగా అంటించి భరోసా ఇవ్వలేను.

కానీ ఈ లోటు మీ పాత బ్రాండ్‌కూ వర్తిస్తుందన్నది మీ ఇంట్లో ఎవరూ గమనించినట్టు లేదు. మన దగ్గర పేరున్న బ్రాండ్లలో చాలా భాగం ఆ మందును మొదట కనిపెట్టిన కంపెనీవి కావు. అవీ జెనరిక్‌లే, పేరు పెట్టి, డాక్టర్ల దగ్గరికి ప్రతినిధులను పంపి అమ్ముతారు. ధరలో తేడాకు పెద్ద కారణం అదే. పాత స్ట్రిప్పు ఒకటి ఉంటే వెతికి, వెనక సన్న అక్షరాల్లో తయారుచేసినవారి పేరు, అమ్మేవారి పేరు విడివిడిగా చదవండి. కొత్తదీ చదవండి. రెండింటినీ ఒకే ఫ్యాక్టరీ చేసినా ఆశ్చర్యపోవద్దు, మన దగ్గర అలా జరగడం మామూలే. స్ట్రిప్పు చేతిలో ఉన్నప్పుడే ఇంకోటి చూడండి: ఒకదాని మీద ఎక్స్‌ఆర్ అనో ఓడీ అనో ఉండి, అంటే మందును నెమ్మదిగా వదిలే రకమై, రెండోది మామూలు మాత్ర అయితే అవి రెండూ అసలు ఒక రకం కావు, వాటి గుట్టల ఆకారమే వేరు. రోజుకు రెండు పూటలు వేసుకుంటున్నారు కాబట్టి రెండూ మామూలువే అయి ఉండాలి, అయినా కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

ఇక మీ ఉత్తరంలో "ఇంకో సంగతి" అని మీరు చివర్లో రాసిన దాని దగ్గరికి వస్తాను. నాకైతే ఉత్తరమంతా అక్కడే ఉంది.

మాలా మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది. లామోట్రిజిన్‌ను కాలేయం ఒక చక్కెర ముక్కతో జతచేసి బయటికి పంపించేస్తుంది. ఈస్ట్రోజన్ ఆ పనిని వేగవంతం చేస్తుంది. ఫలితంగా రక్తంలో లామోట్రిజిన్ స్థాయి దాదాపు సగానికి పడిపోతుంది. మీరు రోజుకు 200 మి.గ్రా. వేసుకుంటున్నా ఒంటికి 100 వేసుకున్నట్టు ఉంటుందన్నమాట. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మూడు, నాలుగు శాతాన్ని ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడండి.

తేదీలు కూడా అటే చూపిస్తున్నాయి. లామోట్రిజిన్ స్థాయి ఒంట్లో సగానికి తగ్గడానికి ఇరవై ఐదు, ముప్పై గంటలు పడుతుంది. మాత్ర మార్చినా, మోతాదు మార్చినా కొత్త స్థాయి కుదురుకోవడానికి అలాంటివి ఐదు కావాలి, అంటే సుమారు ఆరు రోజులు. జెనరిక్ మందు తక్కువ అందిస్తూ ఉంటే ఆ లోటు ఏప్రిల్ రెండో వారానికల్లా పూర్తిగా వచ్చేసి ఉండాలి. మీరు ఏప్రిల్ అంతా, మే మొదట్లో కూడా బాగానే ఉన్నారు. మే 5న మాలా మొదలైంది. 21 రోజులు హార్మోను మాత్రలు, తర్వాత ఏడు ఇనుము మాత్రలు, జూన్ 2న రెండో ప్యాకెట్. ఆ లెక్కన జూన్ 20 రెండో ప్యాకెట్‌లో పంతొమ్మిదో రోజు. హార్మోను ప్రభావం నిండుగా ఉండే, లామోట్రిజిన్ బాగా కిందకు దిగి ఉండే సమయం. దాని మీద రెండు రాత్రులు నిద్ర లేకపోవడం తోడైంది. నిద్రలేమి ఫిట్స్‌ను రేపుతుందని మీకు మీ డాక్టరుగారు మొదట్లోనే చెప్పి ఉంటారు.

ఇది రుజువని అనను. ఫిట్స్ ఒక్కసారి వచ్చినదాన్ని బట్టి కారణం గట్టిగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, మీ జెనరిక్‌లోని ఆ బ్యాచ్‌లోనే లోపం ఉండే అవకాశమూ పూర్తిగా పోలేదు. అనుమానించాల్సిన వరుస మాత్రం మీ ఇంట్లో అనుకుంటున్నది కాదు.

అందుకే బ్రాండ్‌కు తిరిగి వెళ్లడం ఒక్కటే చేసి, మాలా సంగతి దాచేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇంట్లో అందరికీ మనశ్శాంతి వస్తుంది. నెల ఖర్చు మూడు రెట్లవుతుంది. మందు స్థాయి మాత్రం సగం దగ్గరే ఉండిపోతుంది. మళ్లీ ఫిట్స్ వస్తే అప్పుడు "బ్రాండ్ కూడా పనిచేయడం లేదు" అని డాక్టరుగారు ఇంకో మందు కలపొచ్చు, అవసరం లేని మందు.

రెండో దారి, మాలా స్థానంలో ఈస్ట్రోజన్ లేని పద్ధతికి మారడం. కాపర్-టీ అలాంటిది, అందులో హార్మోనే లేదు, లామోట్రిజిన్‌తో దానికి పేచీ లేదు. మూడేళ్లు మిమ్మల్ని కాపాడిన 200 మి.గ్రా. మోతాదు మళ్లీ సరిపోవచ్చు. ఇందులో జాగ్రత్త ఒకటుంది. ఈస్ట్రోజన్ ఆగగానే లామోట్రిజిన్ స్థాయి రోజుల్లోనే పైకి లేస్తుంది. ఈలోగా ఎవరైనా మోతాదు పెంచి ఉంటే కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, తూలడం వస్తాయి. కాబట్టి ముందు మాలా విషయం తేల్చి, తర్వాతే మోతాదు గురించి మాట్లాడాలి. మాలా ఆపేసి మరో పద్ధతి పెట్టుకోకుండా ఉండటం మాత్రం వద్దు. గర్భం వచ్చినా లామోట్రిజిన్ స్థాయి బాగా పడిపోతుంది, నెలనెలా చూసుకుంటూ మోతాదు సర్దాలి. పిల్లలు కావాలనుకున్నప్పుడు అది ముందే డాక్టరుగారితో అనుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి చేయాల్సిన పని.

మూడో దారి, మాలా కొనసాగిస్తూ లామోట్రిజిన్ మోతాదు పెంచడం. డాక్టర్లు ఇదీ చేస్తారు, కొందరికి రెట్టింపు దాకా అవసరమవుతుంది. చిక్కంతా ఆ ఏడు ఇనుము మాత్రల వారంలో ఉంది. ఆ వారం ఈస్ట్రోజన్ ఉండదు కాబట్టి స్థాయి పైకి లేస్తుంది, కొందరిలో రెట్టింపు దాకా. తర్వాతి ప్యాకెట్ మొదలుకాగానే మళ్లీ దిగుతుంది. నెలకోసారి ఇలా ఉయ్యాల ఊగడం నాకు నచ్చదు, కానీ కాపర్-టీ మీకు పడకపోతే, లేదా వద్దనుకుంటే, ఇదీ చేయగలిగిందే. హార్మోను మాత్రలను విరామం లేకుండా వాడించే డాక్టర్లూ ఉన్నారు.

ఈ మూడింట్లో ఏదైనా, రక్తంలో లామోట్రిజిన్ స్థాయి చూపించుకోవడం గురించి డాక్టరుగారిని అడగండి. పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, లేకపోతే వచ్చిన అంకె దేనితోనూ పోల్చలేం. చాలా ల్యాబులు 3 నుంచి 15 మధ్యను సాధారణ పరిధిగా చూపిస్తాయి, కానీ మీకు పనికొచ్చేది ఆ పరిధి కాదు, మీలో వచ్చే మార్పు. వీలైతే హార్మోను మాత్రల మూడో వారంలో ఒకసారి, ఇనుము మాత్రల వారం చివర ఒకసారి ఇవ్వండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే మాలా పాత్ర తేలిపోయినట్టే. రెండుసార్లూ ఒకేలా తక్కువ ఉంటే అప్పుడు మాత్ర మీద అనుమానానికి బలం వస్తుంది, బ్రాండ్ మార్చి చూడటానికి అది సరైన కారణం అవుతుంది. ఈ పరీక్ష అయ్యేదాకా మాత్రను మార్చకపోవడం మేలు. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఇక ఎప్పటికీ తెలియదు.

జెనరిక్‌లోనే ఉండాలనుకుంటే షాపులో "లామోట్రిజిన్ ఇవ్వండి" అని అడగడం మానండి. మీకు పడుతున్న స్ట్రిప్పు తీసుకెళ్లి, ఇదే తయారీదారుది కావాలని అడగండి. సీమ్యాక్స్, ఏయూసీ పరీక్షలో ప్రతి జెనరిక్‌నూ అసలు కంపెనీ మాత్రతోనే పోలుస్తారు, జెనరిక్‌ను జెనరిక్‌తో పోల్చరు. ఒకటి అసలు మాత్ర కంటే కొంచెం కింద, ఇంకొకటి కొంచెం పైన ఉండి, నెలనెలా మీరు అటూ ఇటూ మారుతుంటే ఆ కొంచెం కొంచెం కలుస్తుంది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2013లో మూర్ఛ మందులను మూడు వర్గాలు చేసింది. ఫెనిటోయిన్, కార్బమజెపీన్ లాంటివాటికి ఒకే కంపెనీ మాత్ర వదలొద్దంది. లామోట్రిజిన్‌ను రెండో వర్గంలో పెట్టి, డాక్టరూ రోగీ కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోమంది. మీ విషయంలో, ఫిట్స్ ఒకసారి వచ్చాయి కాబట్టి, ఓ ఏడాది పాటు ఒకే తయారీదారును పట్టుకుని ఉండమనే నేనంటాను. అది చవకదైనా సరే, ఖరీదైనదైనా సరే. ఒక నెల ముందే కొనిపెట్టుకుంటే "స్టాకు లేదు, ఇది తీసుకోండి" అన్న మాట వినాల్సిన అవసరం రాదు.

జూన్‌లో వేసుకున్న స్ట్రిప్పు ఇంకా ఉంటే పారేయకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసిపెట్టుకోండి. మందు వల్ల జరిగిందన్న అనుమానం ఏదైనా చెప్పుకోవడానికి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా వాళ్ల టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. రోగులు నేరుగా చెప్పొచ్చు. మీ ఒక్కరి ఉదంతంతో ఏమీ తేలకపోవచ్చు, అదే బ్యాచ్ మీద ఇంకో పదిమంది చెబితే అప్పుడు ఆ మాత్రను ల్యాబుకు పంపుతారు.

తప్పు మీదేనా అని అడిగారు. ఇంటి ఖర్చు చూసి అదే మందును అదే మోతాదులో తక్కువ ధరకు కొనడం తప్పు కాదు. ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్నారు. మాలా ఇచ్చేటప్పుడు "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా" అని ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది. అడగలేదు. దాచాల్సిన పరిస్థితి ఇంట్లో ఉంది కాబట్టి మీరూ చెప్పలేదు. దాన్ని ఇప్పుడు సరిచేసుకోవచ్చు.

ఈ విషయం మీ అత్తగారికి చెప్పాలా అన్నది మీరూ మీ ఆయనా కలిసి అనుకోవాల్సింది, నేను చెప్పేది కాదు. చెబితే ఆ రోజు ఇంట్లో మాటామాటా పెరగొచ్చు, కానీ "చవక మందు" అన్న నింద ఆగుతుంది. చెప్పకపోతే "డాక్టరుగారు రక్త పరీక్ష చేయించమన్నారు, నిద్ర లేకపోవడం కూడా కారణమన్నారు" అన్నంతవరకు చెప్పండి. అందులో అబద్ధం ఏమీ లేదు. డాక్టరుగారికి మాత్రం చెప్పి తీరాలి. గదిలోకి మీతో పాటు అత్తగారు వస్తుంటే, "ఒక్క రెండు నిమిషాలు నేను విడిగా మాట్లాడాలి" అనండి, లేదా అన్నీ ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. మీరు అడిగితే ఆ సంగతి వాళ్లు గది దాటనివ్వరు.

ఆ కాగితం మీద ఇవి చాలు: జెనరిక్‌కు మారిన తేదీ, పాత స్ట్రిప్పు మీదా కొత్త స్ట్రిప్పు మీదా ఉన్న తయారీదారుల పేర్లు, మే 5న మాలా మొదలుపెట్టిన సంగతి, జూన్ 20న ప్యాకెట్‌లో ఎన్నో మాత్ర దగ్గరున్నారో, పెళ్లిలో నిద్ర లేని ఆ రెండు రాత్రులు. వచ్చే వారం అపాయింట్‌మెంట్ దొరికితే ఆ వారమే వెళ్లండి, అప్పటిదాకా రెండు పూటలా మాత్ర ఎప్పటిలాగే, అదే స్ట్రిప్పులోంచి.